తమ్ముడి కోసం తెరిచిన ఫారంలో నా వ్యాపారం సంగతి బయటపడింది

మా తమ్ముడు కొత్త ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం ఫోన్ చేశాడు. "చేరిపోయానక్కా, సర్వీస్ టీమ్‌లో వేశారు" అన్నాడు. చాలా సంతోషించాను, కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. వాడు చేరింది మా ఆఫీసుకు నెట్‌వర్క్ పరికరాలు సప్లై చేసి, వాటి మెయింటెనెన్స్ కూడా చూసే కంపెనీలో. మా వైపు నుంచి ఆ పనిని చూసే టీమ్‌కు నేనే ఇన్‌ఛార్జిని. పైగా నాలుగు నెలల్లో ఆ కాంట్రాక్టు ముగిసి, కొత్త టెండర్ పిలవబోతున్నారు. టెండర్లకు సాంకేతిక మార్కులు వేసే ముగ్గురిలో నేనూ ఒకదాన్ని.

మర్నాడు పొద్దున్నే మా మేనేజర్ గారికి చెప్పాను. "చెప్పావు కదమ్మా, చాలు. టెండర్ వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ నోటిమాటకు తేదీ ఉండదు. రేపు ఆయన వేరే విభాగానికి వెళ్లిపోతే, నేను ముందే చెప్పానని చెప్పేవాళ్లెవరు? ఉద్యోగ బాధ్యతకూ సొంత లేదా బంధువుల లాభానికీ పొంతన కుదరని పరిస్థితుల గురించి, అంటే పరస్పర విరుద్ధ ప్రయోజనాల గురించి, మా కంపెనీ పాలసీ తెరిచి చూస్తే, కొత్తగా ఏదైనా సంబంధం ఉన్నట్టు తెలిసిన 10 పనిదినాల్లో రాతపూర్వకంగా తెలియజేయాలని ఉంది. ఈ నియమం మా ఆఫీసులో చాలామందికి తెలియదు. ఏడాదికోసారి అందరికీ ఫారం వస్తుంది, అన్ని ప్రశ్నలకూ 'లేదు' అని టిక్ పెట్టి పంపేస్తాం, మళ్లీ ఏడాది దాకా దాని ఊసెత్తం. మధ్యలో జరిగే మార్పులకు విడిగా ఇంకో డిక్లరేషన్ ఇవ్వాలని అప్పటిదాకా నేనూ గమనించలేదు.

ఫారం నాలుగు పేజీలు. బంధువుల భాగంలో నేను మొదట ఇలా రాశాను: "మా తమ్ముడు ఒక వెండర్ కంపెనీలో ఉద్యోగి. ఆయన సేల్స్‌లో లేరు. నా నిర్ణయాలపై దీని ప్రభావం ఏమీ ఉండదు." పంపిన రెండో రోజు, ఉద్యోగులు నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే కంప్లయన్స్ ఆఫీసర్ నుంచి పిలుపు వచ్చింది.

ఆయన నా ఫారాన్ని ప్రింట్ తీసి పెట్టుకున్నారు. "మేడమ్, ఇందులో మూడు వాక్యాలున్నాయి. మొదటిది సమాచారం, కానీ సగమే. మిగతా రెండూ మీ తీర్పులు. తీర్పు చెప్పాల్సింది మీరు కాదు, నేనూ కాదు, కమిటీ. మీరు వివరాలిస్తే చాలు" అన్నారు. నాకు కొంచెం చురుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే నిజమే. 'ప్రభావం ఉండదు' అన్న మాటను ఎవరూ పరీక్షించి చూడలేరు. నేను ఏయే కాగితాల మీద సంతకం పెడతానో రాస్తే, దాన్ని ఎవరైనా సరిచూడగలరు.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, తమ్ముడి ఉద్యోగం గురించి నాకు ఎప్పుడు తెలిసింది అని. నేను వాడు చేరిన తేదీ చెప్పాను. "చేరిన తేదీ కాదు మేడమ్, మీకు తెలిసిన తేదీ" అన్నారు. గుర్తు చేసుకున్నాను. ఇంటర్వ్యూకు పిలిచారని వాడు అంతకు ఇరవై రోజుల ముందే చెప్పాడు. ఉద్యోగం వస్తుందో రాదో తెలియని రోజులవి. కానీ ఆలోచించండి, తమ్ముడి ఉద్యోగాన్ని నిర్ణయించబోయే కంపెనీ మీద అక్క తీర్పు చెప్పే స్థానంలో ఉందంటే, చేరాక ఉన్న దానికన్నా చేరకముందే చిక్కు ఎక్కువ. ఆ ఇరవై రోజుల మధ్యలో నేను ఆ కంపెనీకి సంబంధించిన కాగితం ఒకదాని మీద సంతకం పెట్టాను కూడా. ఫారంలో 'తెలిసిన తేదీ' అనే గడి ఎందుకుందో అప్పుడు అర్థమైంది. 10 పనిదినాల లెక్క కూడా ఆ తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి, నా డిక్లరేషన్ నిజానికి వారం రోజులు ఆలస్యం. ఆ మాట ఆయన చెప్పకముందే నేనే చెప్పి, కారణంతో సహా ఫారంలో రాశాను.

ఇక రెండో ప్రశ్న. "టెండర్ సంగతి పక్కన పెట్టండి, ఈ నెలలో ఆ కంపెనీకి సంబంధించి మీరు ఏం చేస్తారు?" అన్నారు. నా భయమంతా నాలుగు నెలల తర్వాత వచ్చే టెండర్ గురించే. కానీ ప్రతి నెలా 5వ తేదీలోపు నేను ఒక సర్వీస్ రిపోర్టు మీద సంతకం పెడతాను. నెట్‌వర్క్ ఎన్ని గంటలు ఆగింది, ఫిర్యాదులు ఎంతసేపట్లో పరిష్కరించారు అన్న లెక్క అది. ఆగిన సమయం ఒప్పందంలో రాసుకున్న పరిమితి దాటితే ఆ నెల బిల్లులో కోత పడుతుంది. ఏదైనా అంతరాయం వెండర్ తప్పు వల్ల వచ్చిందా, మా వైపు కరెంటు పోవడం వల్ల వచ్చిందా అన్నది నేను రాసే ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది. ఆ వాక్యం మీదే కోత ఆధారపడుతుంది. తమ్ముడు ఉన్నది సరిగ్గా ఆ రిపోర్టు తయారుచేసే సర్వీస్ టీమ్‌లో. 'సేల్స్‌లో లేరు' అని నేను ధైర్యంగా రాసుకున్నాను గానీ, నా సంతకానికి సేల్స్ వాళ్లకన్నా వాడే దగ్గర.

పరస్పర విరుద్ధ ప్రయోజనాలను మా పాలసీ మూడు రకాలుగా చూస్తుంది: ఇప్పటికే ఉన్నది, పైకి అలా కనిపించేది, ముందు ముందు రాగలిగేది. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ ఓఈసీడీ 2003లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్న విభజనే ఇది. టెండర్ మూడో రకం, దానికి ఇంకా సమయం ఉంది. నెలవారీ రిపోర్టు మొదటి రకం, అది ఈ నెలే రావాలి. పెద్ద టెండర్ గురించి అందరూ జాగ్రత్త పడతారు. డబ్బు కదిలేది మాత్రం ఎక్కువగా ఇలాంటి చిన్న సంతకాలతోనే. వచ్చిన సరుకు అందిందని రాయడం, పని పూర్తయిందని ఒప్పుకోవడం, అదనపు పనికి సరే అనడం, గడువు పొడిగించడం, అన్నీ ఇదే కోవలోకి వస్తాయి.

ఆయన చెప్పిన తర్వాత నేను తిరిగి రాసింది ఇది: "మా సొంత తమ్ముడు ఫలానా కంపెనీలో సర్వీస్ ఇంజనీరుగా ఫలానా తేదీన చేరారు. ఇంటర్వ్యూ గురించి నాకు ఫలానా తేదీన తెలిసింది. మా కంపెనీకి సేవలందించే టీమ్‌లోనే పనిచేస్తున్నారు. ఆయనకు ఆ కంపెనీలో వాటా లేదు. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండం, ఒకరి ఖర్చులు ఇంకొకరు భరించం. నేను ఆ కంపెనీ నెలవారీ సర్వీస్ రిపోర్టు ఆమోదిస్తాను, బిల్లులో కోతను సిఫారసు చేస్తాను, రాబోయే టెండర్ కమిటీలో సభ్యురాలిని. ఇంటర్వ్యూ గురించి తెలిశాక ఒక నెల రిపోర్టు ఆమోదించాను." ఇందులో విశేషణం ఒక్కటీ లేదు. తమ్ముడి పేరు కూడా ఇవ్వాలి కాబట్టి ముందుగా వాడికి చెప్పాను. "నా పేరు మీ ఆఫీసు ఫైల్లో ఎందుకక్కా" అని మొదట ఇబ్బంది పడ్డాడు. అది కంప్లయన్స్, హెచ్ఆర్ వాళ్లు తప్ప ఎవరూ చూడరని, ఎంతకాలం ఉంచుతారో కూడా పాలసీలో రాసి ఉందని చూపించాను. వాడి కంపెనీలో వాడూ ఇలాంటిదే నింపాలని అప్పుడే తెలుసుకుని నింపాడు.

ఇంతవరకు నేను అనుకున్న దారిలోనే నడిచింది. అనుకోనిది మూడో పేజీలో ఎదురైంది.

నేనూ మా స్నేహితురాలూ కలిసి ఒక చిన్న వ్యాపారం నడుపుతున్నాం. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల కోసం మాన్యువల్స్, శిక్షణ పాఠాలు రాసిపెడతాం. నా వాటా 40 శాతం. పని సెలవు రోజుల్లోనే చేస్తాను, ఆఫీసు ల్యాప్‌టాప్ వాడను. మూడేళ్ల కిందట మొదలుపెట్టినప్పుడే హెచ్ఆర్‌కు రాసి అనుమతి తీసుకున్నాను. అందుకే ప్రతి ఏడాదీ ఆ పేజీలో 'అనుమతి ఉంది, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేదు' అని రాసేదాన్ని. ఈసారి కూడా అదే రాశాను.

"అనుమతి వ్యాపారం చేసుకోవడానికి. ఎవరికి చేస్తున్నారన్నది వేరే ప్రశ్న. మీ కస్టమర్ల జాబితా ఇవ్వగలరా?" అన్నారాయన. అప్పటికి మాకున్నది ఏడుగురు కస్టమర్లు. అకౌంట్స్ విభాగంలో ఉండే వెండర్ల జాబితాతో పోల్చి చూశారు. ఒక్క పేరూ కలవలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

కానీ ఆ జాబితాలో మా కంపెనీ నేరుగా డబ్బు చెల్లించేవాళ్ల పేర్లే ఉంటాయి. వెండర్ కింద పనిచేసే సబ్‌కాంట్రాక్టర్ల పేర్లు అందులో ఉండవు. ఆ తేడా నాకు ఆ రోజు రాత్రి తట్టింది. మా కస్టమర్లలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ ఉంది. దాని పేరు ఆఫీసులో కూడా ఎక్కడో చూసినట్టు మనసులో మెదులుతూనే ఉంది. మర్నాడు విజిటర్ల రిజిస్టరు తిరగేశాను. మాకు ఒక అప్లికేషన్ తయారుచేస్తున్న పెద్ద వెండర్ తరఫున వచ్చిన నలుగురు ఇంజనీర్లలో ఇద్దరు, సంస్థ పేరు రాసే చోట ఆ చిన్న సంస్థ పేరే రాశారు. కాంట్రాక్టు అనుబంధంలో చూస్తే, టెస్టింగ్ పని ఆ సంస్థకు అప్పగించినట్టు ఒక వాక్యం ఉంది. ఆ అప్లికేషన్ సరిగ్గా పనిచేస్తోందని ఒప్పుకునే సంతకం నాదే. అప్పటికి మూడు దశలు ఒప్పుకున్నాను. మా చిన్న వ్యాపారానికి కిందటి ఏడాది వచ్చిన ఆదాయంలో దాదాపు నాలుగో వంతు ఆ సంస్థ నుంచే వచ్చింది.

ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. తమ్ముడి విషయంలో నేను జాగ్రత్తపరురాలినని లోలోపల కొంచెం గర్వంగా ఉండేది. ఇక్కడ డబ్బు తమ్ముడికి కాదు, నాకే వచ్చింది. నాకు తెలిసి చేసింది కాదు, నిజమే. కానీ తెలియదని నిరూపించే దారి నా దగ్గర లేదు. ఇంకొకరు తవ్వి తీసి ఉంటే, "మూడేళ్లుగా సంబంధం లేదని రాసింది" అనే వాక్యంతోనే విచారణ మొదలయ్యేది. అదే రోజు మధ్యాహ్నం ఇన్వాయిస్‌ల తేదీలు, ఆ మూడు దశలు ఒప్పుకున్న తేదీలు పక్కపక్కన రాసి కంప్లయన్స్‌కు పంపాను. నా భాగస్వామికి కూడా అదే రోజు చెప్పాను. ఆమెకు కష్టం కలిగింది, పెద్ద కస్టమర్ కదా. "నీ ఉద్యోగానికి నా వ్యాపారం ఎందుకు నష్టపోవాలి" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు.

కమిటీ నిర్ణయం పన్నెండు రోజులకు ఒకటిన్నర పేజీల మెమోగా వచ్చింది. నెట్‌వర్క్ కంపెనీ విషయంలో నన్ను టెండర్ కమిటీ నుంచి తప్పించారు. నెలవారీ రిపోర్టు సంతకం నా టీమ్‌లో నా తర్వాతి వ్యక్తికి ఇస్తారేమో అనుకున్నాను. అలా ఇవ్వలేదు. ఆ అబ్బాయి పనితీరుకు మార్కులు వేసేది నేను. అతని చేత సంతకం పెట్టిస్తే, నేను పెట్టినట్టే. అందుకే వేరే విభాగం సీనియర్‌కు ఆ బాధ్యత ఇచ్చారు. నెట్‌వర్క్ ఆగినప్పుడు ఫిర్యాదు నమోదు చేసే హక్కు నాకే ఉంచారు, లేకపోతే నా పని నడవదు. ఫిర్యాదు పరిష్కారమైందని మూసేయడం, తప్పు ఎవరిదో రాయడం మాత్రం నా చేతిలోంచి తీసేశారు. ఇంటర్వ్యూ రోజుల్లో నేను ఆమోదించిన ఆ ఒక్క నెల రిపోర్టును మళ్లీ సరిచూశారు, తేడా ఏమీ రాలేదు.

వ్యాపారం విషయంలో రెండు దారులిచ్చారు. ఆ సంస్థ నుంచి పని తీసుకోవడం మానేయాలి, లేదా అప్లికేషన్ ప్రాజెక్టు ముగిసేదాకా నేను ఆ ప్రాజెక్టు నుంచి పూర్తిగా తప్పుకోవాలి. నేను మొదటిది ఎంచుకున్నాను. ఒప్పుకున్న పని ఒకటి మిగిలి ఉంటే, దాన్ని నా భాగస్వామి ఒక్కతే పూర్తిచేసి ఆ ఆదాయం తనే తీసుకునేలా రాసుకున్నాం. నేను ఒప్పుకున్న మూడు దశల టెస్టింగ్ ఫలితాలనూ వేరే ఇంజనీరు మళ్లీ పరిశీలించారు. రెండింట్లో ఏమీ లేదు. మూడోదాంట్లో రెండు లోపాలను నేను 'చిన్నవి' అని గుర్తించి ముందుకు పంపాను. వాటిలో ఒకటి 'మధ్యస్థం' అని రాసి ఉండాల్సిందని ఆయన అభిప్రాయం. అలాంటి తేడా ఇద్దరు ఇంజనీర్ల మధ్య రోజూ వచ్చేదే. అయినా ఆ వాక్యం చదివినప్పుడు ముఖం వేడెక్కింది. నేను నిజాయితీగానే రాశాను, కానీ ఆ వాక్యం పక్కన మా ఇన్వాయిస్ తేదీ ఉంది. ఆ లోపాన్ని వెండర్ చేత సరిచేయించి, నా ఫైల్లో 'ఉద్దేశపూర్వకం కాదు, తానే వెల్లడించారు' అని రాశారు.

మెమో వచ్చాక అంతా సర్దుకుందనుకున్నాం. ఆరు వారాల తర్వాత ఒక పొద్దున సిస్టమ్ తెరిస్తే, నెట్‌వర్క్ కంపెనీ నెలవారీ రిపోర్టు నా అప్రూవల్ కోసం ఎదురుచూస్తోంది. ఏం జరిగిందంటే, నా బదులు సంతకం పెట్టాల్సిన సీనియర్ సెలవులో ఉన్నారు. సిస్టమ్‌లో నా హక్కును తీసేయలేదు, ఆయనకు తాత్కాలికంగా అప్పగించినట్టు మాత్రమే సెట్ చేశారు. ఆయన మూడు రోజులు స్పందించకపోతే అది అసలు యజమానికి, అంటే నాకే తిరిగొస్తుంది. వెండర్‌కు చెల్లింపు ఆలస్యమవుతోందని అకౌంట్స్ వాళ్లు ఫోన్ కూడా చేశారు. ఒక్క క్లిక్‌తో పని అయిపోయేది, రిపోర్టులో ఏ తప్పూ లేదు కూడా. నేను క్లిక్ చేయకుండా స్క్రీన్ ఫొటో తీసి కంప్లయన్స్‌కు, ఐటీ అడ్మిన్‌కు పంపాను. ఆ సాయంత్రానికి ఆ వెండర్ మీద నా అప్రూవల్ హక్కునే తొలగించి, సెలవుల్లో ఎవరు చూడాలో రెండో పేరు కూడా పెట్టారు. ఎవరినైనా తప్పించామని మెమోలో రాసినప్పుడు, సిస్టమ్‌లో వాళ్ల పేరుతో ఒకసారి వెతికి చూడడం ఆ తర్వాత మా కంప్లయన్స్ వాళ్ల చెక్‌లిస్టులో చేరింది.

తమ్ముడితో కూడా ఒక మాట అనుకోవాల్సి వచ్చింది. ఒకసారి మామూలుగా మాట్లాడుతూ, "మీ వాళ్లు రిపోర్టు ఎప్పుడు సంతకం పెడతారక్కా, మా బాస్ అడుగుతున్నాడు" అన్నాడు. వాడికి అందులో తప్పేమీ అనిపించలేదు. ఆ కాంట్రాక్టు ఉన్నన్నాళ్లూ మీ ఆఫీసు, మా ఆఫీసు అనే మాట మన మధ్య వద్దురా అన్నాను. కొన్నాళ్లు మాటలు తడబడ్డాయి, తర్వాత అలవాటైంది.

టెండర్ తెరిచిన రోజు నేను నా సీట్లోనే ఉన్నాను. ఫలితం అందరితోపాటు మెయిల్‌లోనే తెలిసింది. తమ్ముడి కంపెనీయే గెలిచింది. ఓడిన కంపెనీల్లో ఒకటి అభ్యంతరం రాసింది, అందులో నా పేరూ, తమ్ముడి పేరూ రెండూ ఉన్నాయి. ఎవరు చెప్పారో తెలియదు. కమిటీ వాళ్లు మూడు కాగితాలు బయటికి తీశారు: నా డిక్లరేషన్, నన్ను తప్పించిన మెమో, సాంకేతిక నిబంధనల పత్రం. ఆ మూడోదే నన్ను కంగారు పెట్టింది. ఎందుకంటే దాని మొదటి డ్రాఫ్టులో సగం నేను రాసిందే. ఆ ఫైలు చివరిగా నేను ముట్టుకున్న తేదీ చూశారు. తమ్ముడు ఇంటర్వ్యూ సంగతి చెప్పిన రోజుకు రెండు నెలల ముందుది. తర్వాత మార్చినవాళ్ల పేర్లు, తేదీలు అన్నీ ఫైలు చరిత్రలో ఉన్నాయి. 'తెలిసిన తేదీ' గడిలో నేను మొదట చెప్పిన, చేరిన తేదీ కాకుండా అసలు తేదీ ఉండటంతో, రెండూ పోల్చి చూడడానికి వాళ్లకు పది నిమిషాలు కూడా పట్టలేదు. అభ్యంతరానికి జవాబు ఆ వారంలోనే వెళ్లింది.

ఈ ఏడాది ఫారం నిన్న వచ్చింది. మూడో పేజీకి ఒక అదనపు కాగితం జతచేశాను. అందులో మా కస్టమర్ల పేర్లు ఐదు, ఒక్కొక్కరి నుంచి వచ్చిన ఆదాయ శాతం, వాళ్లలో ఎవరైనా మా వెండర్లకు సబ్‌కాంట్రాక్టర్లా అన్నది విజిటర్ల రిజిస్టరులో, కాంట్రాక్టు అనుబంధాల్లో చూసిన తేదీ ఉన్నాయి.